తులసమ్మకు ఎన్ని నీళ్ళు?

శ్రావణమాసం వచ్చింది. నాలుగు రోజుల నుంచి ముసురు పట్టి ఉంది.

పద్మ తెల్లవారుజామునే లేచింది. వాకిలి ఊడ్చింది. ముగ్గు వేసింది. స్నానం చేసి, పెద్ద రాగిచెంబు నిండా నీళ్ళు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. తులసికోట ముందు నిలబడింది. చెంబెడు నీళ్ళూ మొక్క మొదట్లో పోసింది. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. కళ్ళు తెరిచి చూసింది. గుండె గుభేలుమంది.

తులసి ఆకులు వేలాడిపోయి ఉన్నాయి. కింది ఆకులు పచ్చబడ్డాయి. మూడు నాలుగు ఆకులు రాలి తడిమట్టి మీద పడి ఉన్నాయి.

"అయ్యో! నీళ్ళు చాలడం లేదేమో" అనుకుంది పద్మ. మళ్ళీ బావి దగ్గరకు వెళ్ళింది. ఇంకో చెంబెడు తెచ్చి పోసింది.

అత్తగారు కోటేశ్వరమ్మ వసారాలోంచి చూసింది. ఆమె ముఖం ముడుచుకుపోయింది.

"ఇదీ పోతున్నట్టే ఉంది. రెండేళ్ళలో ఇది మూడోది. నేను చేసినన్నాళ్ళూ ఒక్కసారి కూడా తులసి ఎండలేదు. నీ చేతికి వచ్చాకే ఇలా అవుతోంది. మొన్న అబ్బాయి బండి మీద నుంచి పడ్డాడంటే పడడూ? తులసి నిలవని ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా?" అంది.

పద్మ మాట్లాడలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఒక్కరోజు కూడా తప్పకుండా పూజ చేస్తోంది. స్నానం చేయకుండా కోటను ముట్టుకోదు. తన చేతిలో దోషం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

కోటేశ్వరమ్మ బాధ

కోటేశ్వరమ్మ చెడ్డ మనిషి కాదు. ఆమె భయం ఆమెది. ఆమె పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజున అత్తగారు మొట్టమొదట చూపించింది తులసికోటనే. తులసి అంటే సాక్షాత్తూ లక్ష్మీదేవి అని చెప్పింది. లక్ష్మి ఇంటి నడుమ ఉండాలి కాబట్టి పెరట్లో గానీ వాకిట్లో గానీ కోట కడతారు. పొద్దున నీళ్ళు పోస్తారు. సాయంత్రం దీపం పెడతారు. చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. తులసి వేళ్ళలో సకల తీర్థాలూ ఉన్నాయని పెద్దలు అంటారు.

తులసి గురించి కోటేశ్వరమ్మ మనవరాలికి ఒక కథ చెబుతుంది. సత్యభామ శ్రీకృష్ణుణ్ణి తూచాలనుకుంది. తక్కెడలో ఒక పక్క కృష్ణుడు కూర్చున్నాడు. రెండో పక్క సత్యభామ తన నగలన్నీ పెట్టింది. తక్కెడ లేవలేదు. అప్పుడు రుక్మిణి వచ్చి ఒక్క తులసి దళం పెట్టింది. తక్కెడ తూగింది. "బంగారానికి తూగనివాడు భక్తికి తూగాడమ్మా" అని కథ ముగిస్తుంది కోటేశ్వరమ్మ.

కార్తీక మాసంలో శుద్ధ ద్వాదశినాడు ఆ ఇంట్లో పెద్ద పండుగ. దాన్ని క్షీరాబ్ధి ద్వాదశి అంటారు. చిలుకు ద్వాదశి అని కూడా అంటారు. ఆ రోజు తులసి పక్కన ఉసిరికొమ్మ నాటుతారు. తులసి లక్ష్మి. ఉసిరికొమ్మ విష్ణుమూర్తి. ఇద్దరికీ పెళ్ళి చేసి దీపాలు వెలిగిస్తారు. పోయిన ఏడు ఆ పండుగ నాటికి కోటలో మొక్క లేదు. పక్కింటికి వెళ్ళి దీపం పెట్టి రావలసి వచ్చింది. ఆ మాట కోటేశ్వరమ్మ ఇంకా మరచిపోలేదు.

రమణమ్మ వేలు పెట్టి చూసింది

ఆ రోజు మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. వెనక వీధి రమణమ్మ కరివేపాకు కోసం వచ్చింది. రమణమ్మ పుట్టిల్లు గోదావరి జిల్లాలో కడియపులంక. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా పూలమొక్కల నర్సరీలే. పెళ్ళికి ముందు రమణమ్మ ఎనిమిదేళ్ళు నర్సరీలో కూలికి వెళ్ళింది. మట్టి కలపడం, అంట్లు కట్టడం, కొమ్మలు నాటడం ఆమెకు బాగా తెలుసు.

"ఏం పద్మా, ముఖం అలా ఉందేం?" అని అడిగింది.

పద్మ తులసిని చూపించింది. "చూడు పిన్నీ! రోజూ చెంబెడు నీళ్ళు పోస్తున్నా. ఈవేళ రెండు చెంబులు పోశా. అయినా వాడిపోతోంది."

రమణమ్మ ఆకులు చూసింది. తరువాత చూపుడువేలు మట్టిలోకి దించింది. వేలు సగం దాకా బురదలోకి దిగిపోయింది. బయటకు తీస్తే నల్లమట్టి జిగురుగా అంటుకుంది. వాసన చూసింది. మురుగు వాసన కొట్టింది.

"ఈ మొక్కకు నీళ్ళు చాలక కాదమ్మాయ్, ఎక్కువై వాడుతోంది" అంది.

కోటేశ్వరమ్మ విని నవ్వింది. "నీళ్ళు ఎక్కువైతే మొక్క వాడుతుందా రమణమ్మా? నేను ముప్ఫై ఏళ్ళు చెంబెడు నీళ్ళే పోశాను. నా తులసి నిలువెత్తు పెరిగింది."

"వదినా, అప్పటి కోట ఇదేనా?" అని అడిగింది రమణమ్మ.

కోటేశ్వరమ్మ ఆలోచించింది. కాదు. అప్పటిది ఇటుకలతో నేల మీదే కట్టిన కోట. దానికి అడుగు లేదు. పైన పోసిన నీళ్ళు మట్టిలోంచి దిగి కింద నేలలో ఇంకిపోయేవి. వేళ్ళు కూడా నేలలోకి దిగేవి. రెండేళ్ళ కిందట పెరడంతా సిమెంటు గచ్చు చేయించారు. పాత కోట తీసేశారు. రోడ్డు పక్కన అమ్మే సిమెంటు కోట ఒకటి కొని తెచ్చి గచ్చు మీద పెట్టారు.

రమణమ్మ వంగి కోట చుట్టూ తడిమి చూసింది. "ఇదిగో, దీనికి ఎక్కడా చిల్లు లేదు. అడుగు మూసి ఉంది. నువ్వు పోసిన నీళ్ళు నేలలోకి పోయేవి. పద్మ పోసిన నీళ్ళు కోటలోనే నిలిచిపోతున్నాయి. పైగా ముసురు. ఇది కోట కాదు వదినా, నీళ్ళ తొట్టి!"

వేళ్ళకూ గాలి కావాలి

"నీళ్ళుంటే మొక్కకు మంచిదే కదా పిన్నీ?" అంది పద్మ.

"ఒక గాజుగ్లాసు తీసుకురా. పొయ్యి దగ్గర పొడిమట్టి ఉంటే కొంచెం పట్రా" అంది రమణమ్మ.

గ్లాసులో సగం దాకా పొడిమట్టి వేసింది. దాని మీద మెల్లగా నీళ్ళు పోసింది. మట్టిలోంచి బుడబుడమని బుడగలు పైకి వచ్చాయి.

"ఆ బుడగలేమిటి?" అని అడిగింది రమణమ్మ.

"గాలి" అంది పద్మ కూతురు సరిత. సరిత 9వ తరగతి చదువుతోంది.

"అవును. మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. ఆ సందుల్లో గాలి ఉంటుంది. వేళ్ళు ఆ గాలినే పీలుస్తాయి. నీళ్ళు పోస్తే గాలి బయటకు పోతుంది. నీళ్ళు కిందికి దిగిపోతే మళ్ళీ గాలి వస్తుంది. నీళ్ళు దిగే దారే లేకపోతే గాలి రాదు. వేళ్ళకు ఊపిరాడదు. నాలుగు రోజులకు కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. అందుకే చుట్టూ నీళ్ళున్నా మొక్క దాహంతో వాడిపోతుంది. వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం. దాంతో మిగిలిన వేళ్ళు కూడా పోతాయి."

పద్మకు పొద్దున తాను పోసిన రెండో చెంబు గుర్తుకు వచ్చింది.

రమణమ్మ పాత అట్లకాడతో మట్టి తవ్వింది. మొక్కను మెల్లగా పైకి తీసింది. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. ఈ మొక్క వేళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. వేలితో లాగితే పైతొక్క జారిపోయింది. నాలుగైదు వేళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

కోటేశ్వరమ్మ కూడా దగ్గరకు వచ్చి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా అంది: "వేళ్ళలో తీర్థాలున్నాయని రోజూ అనుకుంటూనే, ఆ వేళ్ళనే కుళ్ళబెట్టామన్నమాట."

కొమ్మలతో కొత్త మొక్క

"ఈ మొక్క బతుకుతుందా?" అని అడిగింది పద్మ.

"ఇది బతకదు. కానీ దీని కొమ్మలు బతకవచ్చు" అంది రమణమ్మ.

ఇంకా పచ్చగా, గట్టిగా ఉన్న కొమ్మలు నాలుగు ఎంచింది. ఒక్కొక్కటి 4 అంగుళాల పొడవున కత్తిరించింది. కొమ్మకు ఆకు పుట్టేచోట కణుపు ఉంటుంది. సరిగ్గా ఆ కణుపు కింద కోసింది. వేళ్ళు అక్కడి నుంచే ఎక్కువగా వస్తాయి. కింది ఆకులు తుంచేసింది. పైన నాలుగు ఆకులు మాత్రం ఉంచింది. కొసన ఉన్న పూల వెన్నులు కూడా తుంచింది. వెన్ను ఉంటే కొమ్మ బలమంతా పువ్వుకే పోతుంది, వేరు తొందరగా పుట్టదు.

కొమ్మలను నీళ్ళ గ్లాసులో పెట్టింది. "కింది కణుపు నీళ్ళలో మునగాలి. ఆకులు మునగకూడదు. గ్లాసును వెలుతురు ఉన్నచోట పెట్టు, ఎండలో పెట్టకు. రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చు" అని చెప్పింది.

పద్మ అలాగే చేసింది. నాలుగో రోజున ఒక కొమ్మ నల్లబడి పోయింది. దాన్ని తీసి పారేసింది. పదో రోజుకు మిగిలిన మూడు కొమ్మలకు తెల్లని వేళ్ళు వచ్చాయి. వేళ్ళు అంగుళం పొడవు పెరిగాక చిన్న మట్టికుండీల్లో నాటింది. వారం రోజులు నీడలో ఉంచింది. తరువాత పొద్దుటి ఎండ తగిలేచోటికి మార్చింది.

కోటను బాగుచేశారు

ఈలోగా కోట పని చూశారు. పద్మ భర్త ఉలి, సుత్తి తెచ్చాడు. కోటలో మట్టి మొత్తం తీసేశాడు. కోట గోడకు అడుగున, గచ్చుకు ఆనుకుని, ఎదురెదురుగా రెండు చిల్లులు కొట్టాడు. ఒక్కొక్క చిల్లు బొటనవేలు దూరేంత ఉంది.

రమణమ్మ చిల్లులకు లోపలి వైపు పగిలిన కుండ పెంకులు బోర్లించి పెట్టింది. పెంకు ఉంటే నీళ్ళు పోతాయి, మట్టి కొట్టుకుపోదు, చిల్లు పూడిపోదు.

"పాత మట్టే పోద్దామా?" అని అడిగింది కోటేశ్వరమ్మ.

"వద్దు వదినా. ఇది చేలో నల్లమట్టి. పత్తికి, మినుముకు మంచిదే. కుండీలో మాత్రం తడిస్తే ముద్ద అవుతుంది, ఆరితే రాయి అవుతుంది."

రెండు తట్టల ఎర్రమట్టి, ఒక తట్ట ఇసుక, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు తెచ్చారు. మూడూ కలిపారు. పచ్చిపేడ వేయలేదు. పచ్చిపేడ మట్టిలో మాగేటప్పుడు వేడి పుడుతుంది, లేత వేళ్ళు దెబ్బతింటాయి. కలిపిన మట్టిని కోటలో నింపారు. పైన నాలుగు వేళ్ళ జాగా వదిలారు.

"ఇప్పుడు చెంబెడు నీళ్ళు పోయి" అంది రమణమ్మ.

పద్మ చెంబు తరువాత చెంబు పోసింది. మూడో చెంబుకు మట్టి తడిసి, అడుగు చిల్లుల్లోంచి నీళ్ళు కారాయి. పైన నీళ్ళు నిలవలేదు. "ఇదే పరీక్ష. కోట కొన్నా, కుండీ కొన్నా ముందు నీళ్ళు పోసి చూడాలి. కింద నుంచి నీళ్ళు వస్తేనే మొక్క పెట్టాలి" అంది రమణమ్మ.

పూజ ఎలా? నీళ్ళు ఎలా?

కోటేశ్వరమ్మకు ఇంకా ఒక సందేహం ఉంది. "అంతా బాగానే ఉంది. మరి రోజూ నీళ్ళు పోయకపోతే పూజ లోపం కాదూ?"

రమణమ్మ నవ్వింది. "నువ్వు చెప్పే కథే కదా వదినా! కృష్ణుడు ఎంత బరువుకు తూగాడు? ఒక్క దళానికి. తులసమ్మకు మూడు ఉద్ధరిణుల నీళ్ళు చాలవూ?"

ఆ మాట కోటేశ్వరమ్మకు నచ్చింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో రెండు పనులు వేరు చేశారు. పూజ నీళ్ళు వేరు, మొక్క తాగే నీళ్ళు వేరు. రోజూ పొద్దున ఉద్ధరిణితో మూడుసార్లు నీళ్ళు వదులుతారు. అది పూజ. అది ఏ రోజూ మానరు. చెంబెడు నీళ్ళు మాత్రం మట్టిని చూసి పోస్తారు.

పూజలో ఇంకో రెండు మార్పులు కూడా వచ్చాయి. పసుపు, కుంకుమ కోట గోడకు పెడుతున్నారు. మట్టిలో, మొక్క కాండం మీద చల్లడం లేదు. దీపం కోటకు ఉన్న గూట్లో పెడుతున్నారు. ఇంతకుముందు మొక్క మొదట్లో పెట్టేవారు. ఆ సెగకు దీపం పక్క ఆకులు మాడేవి. మట్టిలో నూనె కారేది. పండుగనాడు పాలు పోసే ఆచారం ఉంది. ఇప్పుడు ఒక్క చుక్క పోసి, మిగిలినవి ప్రసాదంగా తీసుకుంటున్నారు. పాలు మట్టిలో పులిసి చీమలు, బూజు పట్టేవి.

రెండు వీడియోలు

కోటేశ్వరమ్మ కూతురు సుజాత హైదరాబాదులో ఉంటుంది. మూడో అంతస్తులో ఇల్లు. బాల్కనీలో చిన్న ప్లాస్టిక్ కుండీలో తులసి పెంచుతోంది. తులసి వేళ్ళు కుళ్ళిన సంగతి ఆమెకు కూడా చెప్పాలనుకుంది సరిత. మొక్క తవ్విన రోజే ఫోనులో చిన్న వీడియో తీసింది. కుళ్ళిన వేళ్ళు చూపించింది. చివర తనే మాట్లాడింది: "అత్తా, తులసికి రోజూ నీళ్ళు పోయవద్దు. పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి."

ఒక్క నిమిషం వీడియో. సుజాత చూసింది. నీళ్ళు పోయడం మానేసింది.

ఆరో రోజున సుజాత ఫోను చేసింది. "సరితా, నువ్వు చెప్పినట్టే నీళ్ళు మానేశాను. ఇప్పుడు నా తులసి కూడా వాడిపోయింది. ఆకులు వేలాడుతున్నాయి. ఇదీ కుళ్ళిపోయిందంటావా?"

సరిత కంగారుపడింది. పరుగున వెళ్ళి రమణమ్మను పిలుచుకు వచ్చింది.

"సుజాతా, కుండీలో వేలు పెట్టి చూడమ్మా" అంది రమణమ్మ.

"పెట్టాను అత్తా. వేలు దిగడం లేదు. గట్టిగా ఉంది. మట్టి కుండీ అంచు నుంచి విడిపోయింది."

"కుండీ ఎత్తి చూడు. బరువుగా ఉందా?"

"లేదు. తేలిపోతోంది."

"అయితే అది దాహం. వెంటనే నీళ్ళు పోయి. ఒక్కసారే కుమ్మరించకు. కొంచెం పోసి ఆగు, మళ్ళీ పోయి. కింద చిల్లులోంచి కారేదాకా పోయి. కింద పళ్ళెం ఉంటే అందులో చేరిన నీళ్ళు పారబోయి."

ఆ సాయంత్రానికే సుజాత తులసి తలెత్తింది. బాల్కనీకి పైకప్పు ఉంది. అక్కడ వాన పడదు. కుండీ చిన్నది. అందులో మట్టి తక్కువ. తొందరగా ఆరిపోతుంది. పద్మ కోటకు ఎక్కువైన నీళ్ళే సుజాత కుండీకి తక్కువయ్యాయి.

సరిత ముఖం చిన్నబోయింది. "నేనే తప్పు చెప్పాను" అంది.

"సగం చెప్పావు" అంది రమణమ్మ. "రోజూ పోయమన్నా తప్పే. రోజూ పోయవద్దన్నా తప్పే. లెక్క రోజుల్లో లేదు. మట్టిలో ఉంది. ఇంకో వీడియో తీద్దాం పద."

రెండో వీడియోలో సరిత మాట్లాడలేదు. పద్మ మాట్లాడింది. మొదట సిగ్గుపడింది. తరువాత చూపుడువేలు చూపించి ఇలా చెప్పింది:

"వదినా, వేలును మొదటి కణుపు దాకా మట్టిలో పెట్టు. మట్టి వేలికి తడిగా అంటుకుంటే ఆ రోజు నీళ్ళు పోయకు. మూడు ఉద్ధరిణులు వదిలి దణ్ణం పెట్టుకో. వేలికి పొడిగా తగిలితే కింద కారేదాకా పోయి. ఆకులు వాడితే కంగారుపడి నీళ్ళు పోయకు. ముందు వేలు పెట్టు. తడిమట్టిలో మొక్క వాడితే వేళ్ళ జబ్బు. పొడిమట్టిలో వాడితే దాహం."

ఆ వీడియోను సుజాత తమ అపార్టుమెంటులో ఆడవాళ్ళందరికీ పంపింది.

వెన్నులు తుంచాలి

భాద్రపదం వచ్చింది. ఒక కొమ్మ మొక్కను కోటలో నాటారు. రెండో దాన్ని రమణమ్మకు ఇచ్చారు. మూడోది కుండీలోనే ఉంచారు.

కోటలో మొక్కకు రోజూ ఐదారు గంటల ఎండ తగులుతోంది. కొత్త ఆకులు వేసింది. జానెడు ఎత్తు పెరిగాక పద్మ కొస చిగురు తుంచింది. రమణమ్మ చెప్పింది కాబట్టి తుంచింది గానీ చెయ్యి వణికింది. పది రోజుల్లో తుంచినచోట రెండు కొమ్మలు వచ్చాయి. మొక్క గుబురు కట్టింది.

తరువాత వెన్నులు వేయడం మొదలుపెట్టింది. వెన్ను అంటే తులసి పూలగుత్తి. దాన్నే మంజరి అంటారు. వెన్నులను వదిలేస్తే అవి గింజ కడతాయి. గింజ కట్టిన మొక్క తన పని అయిపోయిందనుకుంటుంది. కొత్త ఆకు వేయదు. కాండం చేవబారి మొక్క ముదిరిపోతుంది. అందుకని లేతగా ఉన్నప్పుడే వెన్నులు తుంచాలి. తుంచినవి దేవుడి పూజకు పనికివస్తాయి. తులసి దళాలు శుక్రవారం, ఆదివారం, ద్వాదశినాడు కోయరాదని ఆ ఇంట్లో ఆచారం. ఆచారం ఇంటింటికీ వేరుగా ఉంటుంది. పద్మ మిగిలిన రోజుల్లో కోస్తుంది.

ఒకటి రెండు వెన్నులను మాత్రం ఎండేదాకా ఉంచింది. వాటిని అరచేతిలో నలిపితే చిన్న చిన్న గింజలు రాలాయి. కాగితం పొట్లం కట్టి దాచింది.

"ఇవెందుకు?" అని అడిగింది కోటేశ్వరమ్మ.

"పిన్ని చెప్పింది అత్తయ్యా. కోటలో, కుండీలో పెరిగే తులసి ఎంత బాగా చూసినా రెండు మూడేళ్ళకు ముదిరి ఎండిపోవచ్చునట. అది దాని ఆయుష్షు. మనుషుల దోషం కాదట. అందుకని ఎప్పుడూ ఒక పిల్లమొక్క పక్కన సిద్ధంగా ఉంచుకోవాలట."

కోటేశ్వరమ్మ ఆ మాటలు విని తల పంకించింది. "దోషం కాదట" అని తనలో తాను అనుకుంది.

ద్వాదశి దీపాలు

కార్తీక శుద్ధ ద్వాదశి వచ్చింది. కోటలో తులసి అడుగు పైన పెరిగింది. పద్మ గచ్చు కడిగి ముగ్గు వేసింది. రమణమ్మ వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. సుజాత కూడా ఊరు వచ్చింది.

ఏటా ఉసిరికొమ్మ నాటేది కోటేశ్వరమ్మే. ఆ రోజు ఆమె కొమ్మ చేతిలోకి తీసుకుంది. ఒక్క నిమిషం ఆగింది. తరువాత కోడలి చేతికి ఇచ్చింది.

"ఈసారి నువ్వు నాటు పద్మా. ఈ తులసిని బతికించిన చెయ్యి నీది" అంది.

పద్మ కొమ్మను అందుకుంది. నాటే ముందు అలవాటుగా వేలు మట్టిలో పెట్టి చూసింది. అందరూ నవ్వారు. కోటేశ్వరమ్మ కూడా నవ్వింది.

"తడిగానే ఉందా?" అని అడిగింది.

"తడిగానే ఉందత్తయ్యా. ఈవేళ మూడు ఉద్ధరిణులే" అంది పద్మ.

గూట్లో దీపం వెలిగింది.

పాఠం చదివారు కదా! చెప్పండి

1. పాత కోటలో చెంబెడు నీళ్ళు పోసినా తులసి బతికింది. కొత్త కోటలో ఎందుకు బతకలేదు?

2. గ్లాసులో మట్టి మీద నీళ్ళు పోస్తే బుడగలు వచ్చాయి. ఆ బుడగలు ఎక్కడివి?

3. పద్మ తులసి వాడింది. సుజాత తులసి కూడా వాడింది. రెండింటికీ తేడా ఏమిటి? ఆ తేడా ఎలా తెలిసింది?

4. సరిత మొదటి వీడియోలో చెప్పిన మాటలో లోపం ఏమిటి?

చేసి చూడండి

మీ ఇంట్లో తులసి ఉంటే కోటకు గానీ కుండీకి గానీ అడుగున చిల్లు ఉందో లేదో చూడండి. చిల్లు ఉన్నా మట్టితో పూడి ఉండవచ్చు. సన్నని పుల్లతో పొడిచి చూడండి. తరువాత వారం రోజులపాటు రోజూ వేలు పెట్టి చూడండి. తడిగా ఉన్న రోజు "తడి" అని, పొడిగా ఉన్న రోజు "పొడి" అని కాగితం మీద రాయండి. వారంలో ఎన్ని రోజులు నీళ్ళు అవసరమయ్యాయో లెక్కపెట్టండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఇలా రాసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి.